ట్యాక్స్ కేసు తీర్పుని షాపు ఓనర్‌కి ఒక్క పేజీలో చెప్పడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తున్నా. లాయర్ని కాదు. కానీ హైకోర్టు తీర్పు ఏదైనా వచ్చిందంటే "దీన్ని మన క్లయింట్‌కి అర్థమయ్యేలా ఒక పేజీ రాసి పంపు" అని అది నా టేబుల్ మీదకే వస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు, అందుకే ఒకేసారి రాసి పెడుతున్నా. ఉదాహరణకి మొత్తం ఒకటే తీర్పు తీసుకున్నా, తిరుమలకొండ ప్లైవుడ్స్ కేసు, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2023 జులై 18న ఇచ్చింది. గుంటూరు పట్నం బజార్‌లో హార్డ్‌వేర్ షాపు ఉన్న మా బాబాయ్‌కి అప్పట్లో నేనే దీని మీద పేజీ రాసిచ్చా, అందులో నేను చేసిన తప్పులు కూడా కింద ఉన్నాయి.

ముందు ఆ కేసు ఏంటో రెండు ముక్కల్లో చెప్తారా?

సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, అమ్మినప్పుడు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంటాం కదా, దాన్నే ఐటీసీ అంటాం. జీఎస్టీ చట్టంలో సెక్షన్ 16(4) ఏమంటుందంటే ఆ తగ్గింపు ఎప్పుడంటే అప్పుడు తీసుకోవడం కుదరదు, దానికో గడువుంది. అప్పటి రూల్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుల మీద ఐటీసీని తర్వాతి సెప్టెంబర్ నెల రిటర్న్ గడువు లోపు తీసేసుకోవాలి. ఆ ప్లైవుడ్ వ్యాపారి 2020 మార్చి రిటర్న్‌ని ఆ గడువు దాటాక నవంబర్‌లో లేట్ ఫీజు కట్టి వేశారు, డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఐటీసీ ఇవ్వం పొమ్మన్నారు, ఆయన హైకోర్టుకి వెళ్ళారు, ఓడిపోయారు.

తీర్పు చాంతాడంత ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

చివరి నుంచి. సరదాకి అనట్లేదు. ఆఖరి పేజీలో "ఈ రిట్ కొట్టేస్తున్నాం" అనో "ఆర్డర్ రద్దు చేస్తున్నాం" అనో ఉంటుంది, ముందు అది చూసి ఎవరు గెలిచారో పెన్సిల్‌తో పైన రాసుకో. ఆ తర్వాత "పాయింట్స్ ఫర్ కన్సిడరేషన్" అని ఉన్న చోటుకి వెళ్ళు, అంటే కోర్టు తనకి తాను వేసుకున్న ప్రశ్నలు. వాటికి కోర్టు ఇచ్చిన జవాబులు ఎక్కడెక్కడ ఉన్నాయో పేరా నంబర్లతో సహా రాసుకో. ఇంత అయ్యాకే మొదటి పేజీ నుంచి కథ చదవాలి. మొదటి నుంచి మొదలుపెడితే సగానికి వచ్చేసరికి ఎవరు ఎవరితో ఏమన్నారో కలగాపులగం అయిపోతుంది, నాకు అయ్యింది.

తీర్పులో ఉన్న వాక్యమే కదా నేను రాసింది, సార్ ఎందుకు కొట్టేశారు?

నువ్వు వకీలు వాదనని కోర్టు మాట అనుకుని ఉంటావ్, కొత్తవాళ్ళందరూ పడే గుంట ఇదే. తీర్పులో మొదటి సగం దాదాపు ఇరుపక్షాల వాదనలే ఉంటాయి, అవి కూడా చాలా నమ్మకంగా, చట్టంలో రాసినట్టే ఉంటాయి. ఈ కేసులో వ్యాపారి తరఫున "లేట్ ఫీజు తీసుకుని రిటర్న్ యాక్సెప్ట్ చేశాక ఐటీసీ కాదనడానికి లేదు" అన్న వాదన ఉంది, దాన్ని ఒక్కదాన్నే చదివితే ఆయనే గెలిచాడనిపిస్తుంది.

తేడా పట్టుకోవడానికి వాక్యం మొదలు చూడాలి. "లెర్నెడ్ కౌన్సెల్ వుడ్ సబ్మిట్" అని మొదలైతే అది ఒక వైపు వాదన. "పర్ కాంట్రా" అని వస్తే అక్కడి నుంచి అవతలి వైపు. "ఇన్ అవర్ కన్సిడర్డ్ వ్యూ", "వియ్ ఆర్ అనేబుల్ టు యాక్సెప్ట్" లాంటివి వచ్చినప్పుడే కోర్టు సొంతంగా మాట్లాడుతోందని లెక్క. ఇంకో చిక్కు ఏంటంటే మధ్యలో కోర్టు పాత సుప్రీంకోర్టు తీర్పుల్లోంచి పేజీలకి పేజీలు కోట్ చేస్తుంది, ఆ పాత కేసు సేల్స్ ట్యాక్స్ గురించో ఇంకో రాష్ట్రం వ్యాట్ గురించో అయ్యుంటుంది, అందులో ఉన్న ఫ్యాక్ట్స్ తెచ్చి మన పేజీలో పెడితే కొంప మునుగుతుంది. నేను మూడు రంగుల హైలైటర్లు వాడతా, వ్యాపారి వాదన పసుపు, డిపార్ట్‌మెంట్ వాదన గులాబీ, కోర్టు మాట ఆకుపచ్చ. పేజీ రాసేటప్పుడు ఆకుపచ్చ తప్ప మిగతావి ముట్టుకోను. పాత తీర్పుల కోట్స్‌కి అసలు రంగే వెయ్యను.

జర్నల్‌లో తీర్పు పైన హెడ్‌నోట్ ఉంటుంది కదా, దాన్నే తెలుగు చేసేస్తే?

హెడ్‌నోట్ కోర్టు రాసింది కాదు, ఆ జర్నల్ ఎడిటర్ రాసింది. ఎక్కడ వెతకాలో తెలుసుకోవడానికి వాడుకో, అంతే. హైకోర్టు వెబ్‌సైట్‌లో తీర్పు ఫ్రీగా దొరుకుతుంది, దింపుకుని చదువు.

"నాన్ అబ్‌స్టాంటే క్లాజ్" లాంటివి షాపాయనకి ఎలా చెప్పాలి?

ఆ పేరు చెప్పకు. ఆ పేరు వెనక ఉన్న గొడవ చెప్పు. ఈ కేసులో అసలు రసవత్తరమైన పాయింట్ ఇదే కాబట్టి కాస్త ఆగి రాస్తా.

సెక్షన్ 16(2) "ఈ సెక్షన్‌లో ఇంకేం రాసి ఉన్నా సరే" అని మొదలై, నాలుగు షరతులు చెప్తుంది. బిల్లు ఉండాలి, సరుకు చేతికి రావాలి, అమ్మినవాడు ఆ ట్యాక్స్ గవర్నమెంట్‌కి కట్టి ఉండాలి, నువ్వు రిటర్న్ వేసి ఉండాలి. స్థూలంగా ఇంతే. వ్యాపారి తరఫు వాదన ఏంటంటే, "ఇంకేం రాసి ఉన్నా సరే అన్నారు కదా, మరి 16(4)లో గడువు ఉన్నా సరే అనే కదా అర్థం, నేను నాలుగు షరతులూ తీర్చా, కాబట్టి గడువుతో నాకు పనిలేదు." వినడానికి బాగుంది. కోర్టు ఒప్పుకోలేదు. రెండు రూల్స్ ఒకదానితో ఒకటి కొట్టుకుంటేనే ఏది పైచెయ్యి అన్న ప్రశ్న వస్తుంది, ఇక్కడ కొట్టుకోవట్లేదు, 16(2) ఎవరికి అర్హత ఉందో చెప్తోంది, 16(4) ఎప్పటిలోపు తీసుకోవాలో చెప్తోంది, రెండూ పక్కపక్కనే నడుస్తాయి అంది.

బాబాయ్‌కి నేను రేషన్ షాపుతో చెప్పా. కార్డు ఉండటం వేరు, డీలర్ సరుకు ఇచ్చే తేదీల్లో వెళ్ళడం వేరు. కార్డు ఉంది కదా అని తేదీలు అయిపోయాక సంచి పట్టుకుని వెళ్తే బియ్యం రావు, అలాగని కార్డు చెల్లదని కాదు. ఆయనకి ఠక్కున ఎక్కింది. అయితే పోలిక ఒక్క వాక్యం దాటనివ్వకు, లేకపోతే అవతలివాళ్ళు పోలికతోనే వాదన మొదలుపెడతారు, "మరి వచ్చే నెల కలిపి ఇస్తారుగా" అని మా బాబాయ్ అననే అన్నాడు.

లేట్ ఫీజు కట్టించుకుని ఐటీసీ కాదనడం అన్యాయం కదా? ఇది పేజీలో రాయొచ్చా?

అన్యాయమా కాదా అన్నది నీ అభిప్రాయం, పేజీలో వద్దు. కోర్టు ఏమందో రాయి. లేట్ ఫీజు అనేది రిటర్న్ ఆలస్యంగా వేసినందుకు కట్టేది, రిటర్న్ తీసుకున్నంత మాత్రాన ఐటీసీ ఆలస్యాన్ని కూడా మాఫీ చేసినట్టు కాదు, అంది. నాకూ వ్యాపారుల మీద జాలే, ఆ మాట ఫోన్‌లో చెప్తా, కాగితం మీద కాదు.

ఆ కేసు వేరేవాళ్ళది, మా క్లయింట్‌కి ఏం సంబంధం? ఇది ఎలా రాయాలి?

ఇది తప్పకుండా ఒక వాక్యం రాయాలి, ఎందుకంటే చదివేవాళ్ళు అనవసరంగా భయపడతారు లేదా మరీ తేలిగ్గా తీసుకుంటారు. ఆ తీర్పు మా బాబాయ్‌ని డబ్బు కట్టమని చెప్పలేదు, కట్టమన్నది ఆఫీసర్ ఇచ్చిన ఆర్డర్. కానీ మన హైకోర్టు చెప్పింది కాబట్టి మన రాష్ట్రంలో జీఎస్టీ ఆఫీసర్లు, అప్పీల్ అధికారి దాన్ని పాటించాల్సిందే. అదే ఇంకో రాష్ట్రం హైకోర్టు చెప్పి ఉంటే ఇక్కడ చూపించుకోవచ్చు గానీ పాటించి తీరాలని లేదు.

లెక్కలు ఎంతవరకు చూపించాలి?

ఆయన జేబులోంచి పోయే మొత్తం ఒక్కటి, అది ఎలా వచ్చిందో మూడు ముక్కలు, అంతే. తీర్పులో ఉన్న అంకెలు వద్దు, అవి వేరేవాళ్ళవి. మా బాబాయ్‌ది 2020 మార్చి రిటర్న్, వేసింది 2020 డిసెంబర్ 2న. ఐటీసీ 3,40,000. గడువు దాటింది కాబట్టి దాన్ని తిరిగి కట్టమని సెక్షన్ 73 కింద 2023 డిసెంబర్ 2న ఆర్డర్ వచ్చింది. వడ్డీ ఏడాదికి 18 శాతం అంటే 61,200, మూడేళ్ళకి 1,83,600. పెనాల్టీ ట్యాక్స్‌లో 10 శాతం, 34,000. మొత్తం 5,57,600.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. మొదటి డ్రాఫ్ట్‌లో గడువు తేదీ "2020 అక్టోబర్ 20" అని తీర్పులో చూసి దింపేశా. కానీ మన రాష్ట్రంలో టర్నోవర్ 5 కోట్ల లోపు ఉన్నవాళ్ళకి GSTR-3B అనే ఆ సెప్టెంబర్ నెల రిటర్న్ గడువు అక్టోబర్ 22. బాబాయ్‌ది చిన్న షాపు, కాబట్టి 22 రాయాలి. ఆయన కేసులో రెండు రోజుల వల్ల ఫలితం మారలేదు, కానీ 21న వేసినవాడికి మారిపోయేది. తీర్పులో ఉన్న తేదీ ఆ పార్టీ తేదీ, మన వాళ్ళ తేదీ మనమే చూసుకోవాలి.

అసలు పేజీ ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తారా?

2024 జనవరిలో బాబాయ్‌కి ఇచ్చింది ఇదే, పేర్లు, నంబర్లు తీసేశా.

*తేదీ: 2024 జనవరి 10. ఈ తేదీకి ఉన్న చట్టం ప్రకారం రాసింది.*

*బాబాయ్, నువ్వు ఇప్పుడు చెయ్యాల్సింది: మార్చి 2 లోపు అప్పీల్ వెయ్యాలా వద్దా తేల్చుకోవడం. వెయ్యాలంటే ముందుగా 34,000 కట్టాలి, అది గొడవలో ఉన్న ట్యాక్స్‌లో పదో వంతు.*

*ఎంత అడుగుతున్నారు: 5,57,600. అందులో ట్యాక్స్ 3,40,000, వడ్డీ 1,83,600, పెనాల్టీ 34,000.*

*ఎందుకు: 2020 మార్చి రిటర్న్‌లో తీసుకున్న ఐటీసీకి గడువు 2020 అక్టోబర్ 22. నువ్వు వేసింది డిసెంబర్ 2న.*

*హైకోర్టు ఏమంది: నీలాంటి కేసే ఒకటి 2023 జులైలో తేలింది, వ్యాపారి ఓడిపోయాడు. కోర్టు మూడు మాటలు చెప్పింది. ఐటీసీకి గడువు పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధం కాదు. బిల్లులు, సరుకు అన్నీ సరిగ్గా ఉన్నా గడువు గడువే. లేట్ ఫీజు కట్టినంత మాత్రాన గడువు పెరగదు.*

*నీకు దీని అర్థం: ఈ తీర్పు ఉన్నంతకాలం అప్పీల్ అధికారి దగ్గర గెలవడం కష్టం.*

*ఇంకా తేలనిది: ఇది ఆఖరి మాట కాకపోవచ్చు. సుప్రీంకోర్టు గానీ పార్లమెంటు గానీ మార్చవచ్చు. అప్పీల్ వెయ్యకపోతే ఆ మార్పు వచ్చినప్పుడు నీ కేసు బతికి ఉండదు.*

అంతే. కింద సగం అంగుళం ఖాళీ మిగిలింది, అక్కడ తీర్పు పేరా నంబర్లు చిన్న అక్షరాల్లో వేశా, అవి బాబాయ్‌కి కాదు, ఆయన రేపు ఎవరైనా వకీలుకి చూపిస్తే వాళ్ళకి.

చెయ్యాల్సింది ముందు, తీర్పు తర్వాత? తలకిందులుగా ఉంది కదా?

నేను మొదట తీర్పుతోనే మొదలుపెట్టి రాశా. బాబాయ్ కౌంటర్ దగ్గర నిలబడి మేకులు తూకం వేస్తూనే చదివాడు, సగం చదివి "ఇంతకీ కట్టాలా వద్దా రా?" అన్నాడు. జవాబు పేజీ కింద ఉంది, ఆయన అక్కడిదాకా వెళ్ళలేదు. అప్పటి నుంచి తేదీ, డబ్బు, చెయ్యాల్సిన పని పైకి పోయాయి.

"ఇంకా తేలనిది" అని రాస్తే మనకే తెలియదనుకుంటారు, తీసేద్దామా?

తీసెయ్యకు. ఈ కేసులో ఆ మూడు వాక్యాలే బాబాయ్‌ని కాపాడాయి.

ఏం జరిగిందంటే, 2024 ఆగస్టులో వచ్చిన ఫైనాన్స్ నంబర్ 2 చట్టం సెక్షన్ 16లోకి 16(5) అని కొత్తది తెచ్చింది, 2017 జులై 1 నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. దాని ప్రకారం 2017-18 నుంచి 2020-21 దాకా నాలుగు ఆర్థిక సంవత్సరాల బిల్లులకి, 2021 నవంబర్ 30 లోపు వేసిన రిటర్న్‌లో ఐటీసీ తీసుకుని ఉంటే గడువు దాటినట్టు కాదు. బాబాయ్ వేసింది 2020 డిసెంబర్ 2, హాయిగా లోపలే ఉంది. అప్పీల్ అప్పటికి పెండింగ్‌లో ఉంది, కొత్త సెక్షన్ కాపీ జత చేసి ఇచ్చాం.

అదే బజార్‌లో ఇంకో షాపాయనకి కూడా అచ్చం ఇదే సమస్య, ఆయనకి ఎవరో రాసిచ్చిన కాగితంలో "హైకోర్టు కొట్టేసింది, లాభం లేదు, కట్టెయ్యండి" అని ఒకే లైను ఉందట, ఆయన అప్పు చేసి మొత్తం కట్టేశాడు. తర్వాత చట్టం మారాక వెనక్కి అడుగుదామంటే అదే ఫైనాన్స్ చట్టంలో సెక్షన్ 150 అని ఒకటుంది, ఈ మార్పు వల్ల అవసరం లేకుండా పోయిన ట్యాక్స్‌ని ఇప్పటికే కట్టేసి ఉంటే గానీ ఐటీసీ రివర్స్ చేసి ఉంటే గానీ తిరిగి ఇవ్వరు అని. తీర్పుని ఆ కాగితం తప్పు చెప్పలేదు, చూడబోతే సరిగ్గానే చెప్పింది, తీర్పు ఎక్కడితో ఆగుతుందో మాత్రం చెప్పలేదు.

అయితే ఆ తీర్పు ఇప్పుడు చెల్లదని రాయాలా?

అలా రాస్తే ఇంకో తప్పు. దాన్ని పార్లమెంటు రద్దు చెయ్యలేదు, ఆ నాలుగేళ్ళకి మాత్రం చట్టం మార్చి దారి వేరేగా చూపించింది. 2021-22 నుంచి ఉన్న బిల్లులకి 16(5) పనికిరాదు, వాటికి 16(4) గడువే, కాకపోతే 2022లో సవరించాక అది తర్వాతి సంవత్సరం నవంబర్ 30 లేదా యాన్యువల్ రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది. అలాంటి క్లయింట్‌కి తిరుమలకొండ తీర్పు ఇవాళ్టికీ అడ్డమే. కాబట్టి పేజీ రాసేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "బిల్లు ఏ సంవత్సరంది?" రెండోది "రిటర్న్ ఏ రోజు వేశారు?" ఈ రెండిటి జవాబు లేకుండా తీర్పు మీద పేజీ రాయొద్దు, ఎంత తొందరపెట్టినా సరే.

ఆర్డర్ వచ్చి అప్పీల్ వెయ్యకుండా కూర్చున్నవాళ్ళకి కూడా ఒక దారి ఇచ్చారు, 2024 అక్టోబర్ 8 నోటిఫికేషన్ తేదీ నుంచి ఆరు నెలల్లోపు రెక్టిఫికేషన్‌కి, అంటే ఆ ఆర్డర్ సరిదిద్దమని, పోర్టల్‌లో అప్లై చేసుకోమని. ఆ ఆరు నెలలూ అయిపోయాయి. పాత పేజీల్లో ఆ లైను ఇంకా ఉంటే కొట్టెయ్యి, దాన్ని చూసి ఎవరైనా ఇప్పుడు ఆఫీసుకి పరిగెత్తుకొస్తే ఇబ్బంది.

తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా?

చదివేవాళ్ళు ఏ భాషలో గొడవపడతారో ఆ భాషలో. కాకపోతే ఐటీసీ, రిటర్న్, అప్పీల్, పెనాల్టీ లాంటివి అలాగే ఉంచు. "ఉత్పాదక పన్ను జమ" అని రాస్తే మా బాబాయ్ అది ఇంకేదో కొత్త పన్ను అనుకుంటాడు.

పేజీ బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇచ్చిన మర్నాడు ఫోన్ చేసి మూడు అడుగుతా. ఎంత అడుగుతున్నారు, ఎప్పటిలోపు ఏం చెయ్యాలి, కోర్టు ఎందుకు కాదంది. మొదటి రెండూ కాగితం చూడకుండా చెప్పగలగాలి. మూడోది ఆయన మాటల్లో చెప్తే చాలు. బాబాయ్ చెప్పింది నాకింకా గుర్తే, "కార్డు ఉంది గానీ బియ్యం రోజు అయిపోయింది అన్నాడు జడ్జి గారు, అంతేగా?" అన్నాడు. అంతే బాబాయ్ అన్నా. తర్వాత పిన్నికి ఫోన్ ఇచ్చాడు, ఆమె "మరి అప్పీల్‌కి ఆ 34,000 ఎప్పుడు కావాలి" అని అడిగింది, పేజీ ఆమె కూడా చదివిందని అప్పుడు తెలిసింది.